ఆగాక తెలిసేది, ఆగకముందు తెలిసేది

పది వేల వరుసలు, పద్నాలుగు కాలమ్‌లు ఉన్న ఒక చిన్న ఫైలు ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా దొరుకుతుంది. పేరు AI4I 2020. బెర్లిన్‌లోని హెచ్‌టీడబ్ల్యూ విశ్వవిద్యాలయానికి చెందిన స్టెఫాన్ మాట్స్కా దీన్ని 2020లో తయారుచేశారు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఇర్వైన్ వారి డేటా భాండాగారంలో ఇది ఉంది. మిల్లింగ్ మెషిన్ మీద ఒక పీసు తర్వాత ఒక పీసు కోస్తూ పోతుంటే సెన్సర్లు ఏం చెప్పాయి, ఆ పీసు దగ్గర మెషిన్ ఆగిందా లేదా అన్నది ఒక్కో వరుసలో ఉంటుంది. సెన్సర్ లెక్కలు చూసి మెషిన్ ఆగిపోవడాన్ని ముందే చెప్పడం నేర్చుకునేవాళ్లు చాలామంది మొదట తెరిచే ఫైలు ఇదే.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది నిజమైన కార్ఖానాలో కూడబెట్టిన డేటా కాదు. ఏ కంపెనీ కూడా తన మెషిన్లు ఎప్పుడెప్పుడు, ఎందుకు ఆగాయో బయటపెట్టడానికి అంత తేలిగ్గా ఒప్పుకోదు. అందుకే మాట్స్కా ఒక నిజమైన మెషిన్ నడిచే తీరును నమూనాగా తీసుకుని, కంప్యూటర్‌తో ఈ లెక్కలు పుట్టించారు. మెషిన్ ఏయే కారణాలతో ఆగేలా తయారుచేశారో కూడా ఫైలుతోపాటే రాసి పెట్టారు. నా దృష్టిలో ఈ డేటాకున్న అసలు విలువ అదే. మన మోడల్ ఎంత బాగా పనిచేయగలదో, ఎంతకు మించి పనిచేయలేదో ముందే లెక్కగట్టవచ్చు. ఆ పరిమితిని దాటి మార్కులు వస్తే ఎక్కడో సమాధానం ముందే అందిపోయిందని అర్థం. డేటా లీకేజీ అంటే అదే.

మొదటి వరుస చూద్దాం. పీసు నాణ్యత M, అంటే మధ్యరకం. చుట్టూ ఉన్న గాలి ఉష్ణోగ్రత 298.1 కెల్విన్, కోత జరిగేచోట 308.6. మెషిన్ నిమిషానికి 1,551 చుట్లు తిరుగుతోంది. తిప్పే బలం, అంటే టార్క్, 42.8 న్యూటన్ మీటర్లు. టూల్ అరుగుదల సున్నా నిమిషాలు, కొత్త టూల్ అన్నమాట. మెషిన్ ఆగలేదు. రెండో వరుసలో అరుగుదల 3, మూడో వరుసలో 5, నాలుగులో 7. మధ్యరకం పీసు కోస్తే టూల్‌కు 3 నిమిషాల అరుగుదల చేరుతుంది, తక్కువరకానికి 2, మేలురకానికి 5. టూల్ మార్చగానే అరుగుదల మళ్లీ సున్నాకు వస్తుంది. ఈ వరుసలు ఒకదాని తర్వాత ఒకటి జరిగినవి, విడివిడి సంఘటనలు కావు. ఈ సంగతి తర్వాత చాలా పనికొస్తుంది.

పది వేల వరుసల్లో మెషిన్ ఆగింది 339 చోట్ల. అంటే నూటికి మూడున్నర కూడా లేదు. కాబట్టి ఏమీ చూడకుండా ‘మెషిన్ ఎప్పుడూ ఆగదు’ అని చెప్పే మోడల్‌కు కూడా 96.61 శాతం సరైన జవాబులు వస్తాయి. ఈ రంగంలో ‘తొంభై ఆరు శాతం కచ్చితత్వం’ అన్న మాట వినిపిస్తే దానికి విలువ లేదనుకోవచ్చు. అడగాల్సినవి వేరే రెండు లెక్కలు: నిజంగా ఆగిన 339లో ఎన్నింటిని పట్టుకుంది, అది ఇచ్చిన హెచ్చరికల్లో నిజమైనవి ఎన్ని? మొదటిదాన్ని రికాల్ అనీ, రెండోదాన్ని ప్రెసిషన్ అనీ అంటారు. ఎప్పుడూ ఆగదనే మోడల్‌కు రికాల్ సున్నా.

ఇప్పుడు ఈ ఫైలులో ఉన్న పెద్ద ఉచ్చు దగ్గరికి వద్దాం. చివరి ఆరు కాలమ్‌లలో ఒకటి మెషిన్ ఆగిందా లేదా చెప్పే `Machine failure`. దాని పక్కన అయిదు కాలమ్‌లు ఎందుకు ఆగిందో చెబుతాయి. `TWF` అంటే టూల్ అరిగిపోవడం, `HDF` అంటే వేడి బయటికి పోకపోవడం, `PWF` అంటే పవర్ హద్దు తప్పడం, `OSF` అంటే టూల్ మీద భారం మించడం, `RNF` అంటే ఏ కారణం లేకుండా యాదృచ్ఛికంగా జరిగేది. కొత్తగా నేర్చుకునేవాళ్లు `Machine failure`ను జవాబుగా పెట్టుకుని, మిగతా పదమూడు కాలమ్‌లనూ మోడల్‌కు ఇచ్చేస్తారు. అప్పుడు ఏమవుతుందో లెక్కగడదాం. మొదటి నాలుగు కారణాల్లో ఏదో ఒకటి 1గా ఉన్న వరుసలు 330. ఆ 330లోనూ మెషిన్ ఆగింది. కాబట్టి ‘ఈ నాలుగింటిలో ఒకటైనా 1 ఉంటే ఆగింది’ అనే ఒక్క ముక్క సూత్రం 339లో 330 పట్టుకుంటుంది, ఒక్క తప్పుడు హెచ్చరిక కూడా ఇవ్వదు. రికాల్ 97 శాతం పైన, ప్రెసిషన్ నూటికి నూరు. సెన్సర్ల వైపు కన్నెత్తి చూడనక్కర్లేదు.

అది పోస్టుమార్టం రిపోర్టు చదివి రోగం కనిపెట్టానని చెప్పడంలాంటిది. కారణాల కాలమ్‌లు మెషిన్ ఆగాక, మెకానిక్ వచ్చి చూశాక నిండుతాయి. మెషిన్ ఇంకా తిరుగుతుండగా వాటిలో రాయడానికి ఏమీ ఉండదు. కార్ఖానాలో రేపు ఈ మోడల్‌ను నడిపితే దానికి ఆ అయిదు గళ్లూ ఖాళీగానే అందుతాయి, అది ఎప్పుడూ ‘ఆగదు’ అనే చెబుతుంది.

కాబట్టి ఫీచర్లు ఎంచుకునేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న, ఈ కాలమ్‌కూ జవాబుకూ ఎంత సంబంధం ఉంది అని కాదు. ఈ విలువ ఎప్పుడు తెలుస్తుంది అని. ఆ ప్రశ్నతో చూస్తే ఈ ఫైలు మూడు ముక్కలవుతుంది. పీసు రకం, టూల్ అరుగుదల, రెండు ఉష్ణోగ్రతలు కోత మొదలుపెట్టకముందే తెలుస్తాయి. అరుగుదల ముందే తెలుస్తుందని ఎలా చెప్పగలం? మొదటి వరుసలో M పీసు కోశారు, అక్కడ అరుగుదల సున్నాయే ఉంది. ఆ 3 నిమిషాలు రెండో వరుసలో కనిపించాయి. అంటే ఆ గడిలో ఉన్నది కోతకు ముందటి అరుగుదల. వేగం, టార్క్ కోత జరుగుతుండగానే తెలుస్తాయి. కారణాల అయిదూ ఆగాక తెలుస్తాయి. మూడో ముక్కను పక్కన పెట్టేయాలి, వాదన లేదు.

మరో రెండు కాలమ్‌లను కూడా తీసేయాలి. `UDI` వరుస సంఖ్య, `Product ID`లో ఒక అక్షరం తర్వాత ఒక నంబరు ఉంటుంది. అక్షరం పీసు రకమే, అది `Type` కాలమ్‌లో ఎలాగూ ఉంది. వరుస సంఖ్య చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. మెషిన్ ఆగడానికీ, అది ఎన్నో వరుస అన్నదానికీ భౌతికంగా ఏ సంబంధమూ లేదు. అయినా వేడి బయటికి పోక ఆగిన 115 చోట్లూ ఫైలులో 3,000కూ 5,000కూ మధ్యే గుమిగూడి ఉన్నాయి. గాలి ఉష్ణోగ్రత, కోత ఉష్ణోగ్రత నెమ్మదిగా అటూ ఇటూ జరిగేవి. ఆ కాలంలో రెంటి మధ్య తేడా తగ్గిపోయింది. వరుస సంఖ్య ఇస్తే మోడల్ ‘నాలుగు వేల చుట్టుపక్కల జాగ్రత్త’ అని నేర్చుకుంటుంది. పదకొండు వేలో వరుస వచ్చినప్పుడు ఆ చదువు ఎందుకూ కొరగాదు.

ఇక ఉంచుకున్నవాటి సంగతి. ఇక్కడే నాకు ఈ డేటా మీద ఇష్టం. తొలిసారి మెషిన్ ఆగింది 51వ వరుసలో. వేగం 2,861, టార్క్ 4.6, అరుగుదల 143. రెండోసారి 70వ వరుసలో. వేగం 1,410, టార్క్ 65.7, అరుగుదల 191, తక్కువరకం పీసు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో మెషిన్ రివ్వున తిరుగుతోంది కానీ బలం దాదాపు లేదు. రెండోదాంట్లో నిదానంగా, విపరీతమైన బలంతో తిరుగుతోంది. రెండూ ఆగినవే. లాజిస్టిక్ రిగ్రెషన్ అనే సరళమైన మోడల్ ప్రతి కాలమ్‌కూ ఒక బరువు ఇచ్చి అన్నిటినీ కూడుతుంది, మొత్తం పెరిగే కొద్దీ ప్రమాదం పెరిగిందంటుంది. టార్క్‌కు అది ఇవ్వగలిగింది ఒక్క బరువే. టార్క్ పెరిగితే ప్రమాదం అని నేర్చుకుంటే 70వ వరుస దొరుకుతుంది, 51వ వరుస జారిపోతుంది. తగ్గితే ప్రమాదం అని నేర్చుకుంటే అటుది ఇటవుతుంది.

రెండు చోట్లా హద్దు తప్పింది టార్కూ కాదు, వేగమూ కాదు, ఆ రెండూ కలిసి ఇచ్చే పవర్. నిమిషానికి తిరిగే చుట్లను సెకనుకు రేడియన్లలోకి మార్చి టార్క్‌తో గుణిస్తే వాట్లు వస్తాయి. 51వ వరుసలో 2,861 చుట్లంటే సెకనుకు దాదాపు 299.6 రేడియన్లు, దాన్ని 4.6తో గుణిస్తే 1,378 వాట్లు. 70వ వరుసలో సుమారు 9,700 వాట్లు. ఏ ఇబ్బందీ లేని మొదటి వరుసలో దాదాపు 6,950. పవర్ 3,500 వాట్లకు తగ్గినా 9,000 దాటినా మెషిన్ ఆగేలా ఈ డేటాను తయారుచేశారు. పవర్ అన్న కొత్త కాలమ్ కలపగానే, రెండు కాలమ్‌లలో చెల్లాచెదురుగా ఉన్న సంగతి ఒక్కచోటికి వచ్చింది.

అయినా లాజిస్టిక్ రిగ్రెషన్‌కు ఇంకా చిక్కు తీరలేదు. పవర్ ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే. పవర్ నడిమి విలువ నుంచి ఎంత దూరం జరిగిందన్నది ఇస్తే గాని దానికి ఎక్కదు. హద్దుల నడిమి విలువ 6,250. అక్కణ్నుంచి మొదటి వరుస దూరం 700 వాట్ల చిల్లర, 70వ వరుస దూరం 3,450, 51వ వరుస దూరం 4,870. ఇప్పుడు దూరం పెరిగితే ముప్పు పెరుగుతుందన్న ఒక్క బరువు సరిపోతుంది. చిన్న డెసిషన్ ట్రీ అయితే ఈ సాయం కూడా అక్కర్లేదు. అది ‘పవర్ ఇంతకన్నా తక్కువా? కాకపోతే అంతకన్నా ఎక్కువా?’ అని ఒక్కో ప్రశ్న వేసుకుంటూ పోతుంది, రెండు వైపులా కోతపెట్టగలదు. వేగాన్నీ టార్క్‌నూ విడివిడిగా ఇస్తే మాత్రం వాటి లబ్ధాన్ని అందుకోవడానికి ఆ చెట్టుకూ మెట్లు మెట్లుగా చాలా ప్రశ్నలు కావాలి.

మిగతా కారణాలకూ ఇదే పద్ధతి. వేడి విషయంలో ముఖ్యమైనది గాలి ఎంత వేడిగా ఉందన్నది కాదు, కోత జరిగేచోటికీ గాలికీ మధ్య తేడా ఎంత అన్నది. ఆ తేడా 8.6 కెల్విన్ కంటే తగ్గి, అదే సమయంలో వేగం నిమిషానికి 1,380 చుట్లకు లోపు ఉంటే వేడి తప్పుకోలేక మెషిన్ ఆగుతుంది. భారం విషయంలో టూల్ ఎంత అరిగింది, దాని మీద ఎంత టార్క్ పడుతోంది అన్న రెంటి లబ్ధం చూడాలి. తక్కువరకం పీసుకు అది 11,000 దాటకూడదు, మధ్యరకానికి 12,000, మేలురకానికి 13,000. 70వ వరుసలో 191ని 65.7తో గుణిస్తే దాదాపు 12,549. అక్కడ పవరూ హద్దు దాటింది, భారమూ దాటింది; ఫైలులో రెండు కారణాలూ నమోదయ్యాయి. కోడ్‌లో ఇదంతా నాలుగు వరుసలు.

```python
w = d["Rotational speed [rpm]"] * 2 * 3.1416 / 60
d["power"] = w * d["Torque [Nm]"]
d["dT"] = d["Process temperature [K]"] - d["Air temperature [K]"]
d["strain"] = d["Tool wear [min]"] * d["Torque [Nm]"]
```

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం వస్తుంది. 3,500, 9,000, 8.6 అన్న హద్దులను డేటా తయారుచేసినవారే చెప్పారు కదా, వాటిని వాడుకుంటే అది లీకేజీ కాదా? నేను గీసుకునే గీత ఇది. పవర్, ఉష్ణోగ్రత తేడా, భారం అన్న ఆలోచనలు మెషిన్ తెలిసిన ఏ ఫోర్‌మన్‌ అయినా ముందే చెప్పగలడు, అవి భౌతికశాస్త్రం. వాటిని వాడుకోవడంలో తప్పు లేదు. కార్ఖానాలో మెషిన్ మాన్యువల్‌లో హద్దు రాసి ఉంటే దాన్నీ వాడుకోవచ్చు. కానీ ఇక్కడ ఆ అంకెలు జవాబును పుట్టించిన సూత్రాలే. వాటిని నేరుగా రాసుకుంటే మోడల్ నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. కాబట్టి ఏం కొలవాలో మనం చెప్పాలి, ఎక్కడ కోయాలో శిక్షణకు ఇచ్చిన వరుసల నుంచి చెట్టు తానే కనిపెట్టాలి. లాజిస్టిక్ రిగ్రెషన్‌కు ఇచ్చే నడిమి విలువను కూడా 6,250 అని రాయకుండా, శిక్షణ వరుసల్లో మెషిన్ ఆగనప్పటి పవర్ సగటును తీసుకోవాలి. చెట్టు కనిపెట్టిన హద్దులు అసలు హద్దులకు దగ్గరగా ఉన్నాయో లేదో చివర్లో సరిచూసుకోవచ్చు. ఈ డేటా ఇచ్చే అరుదైన అవకాశం అది.

ఇక లీకేజీలో అంత తేలిగ్గా కనిపించని రకం, వరుసలను శిక్షణకూ పరీక్షకూ పంచేటప్పుడు జరిగేది. మెషిన్ ఆగిన వరుసలు 339, ఆగనివి 9,661. ఈ అసమానత చూసి చాలామంది ఆగిన వరుసలకు నకళ్లు తీసి రెండు వైపులా సమానం చేస్తారు. అది తప్పేం కాదు. ఎప్పుడు చేశారన్నదే ప్రశ్న. ముందు నకళ్లు తీసి, తర్వాత పంచితే ఒక్కో ఆగిన వరుస సగటున 28 సార్లకు పైగా ఫైలులో ఉంటుంది. అందులోంచి అయిదో వంతు వరుసలను గుడ్డిగా తీసి పరీక్షకు పెడితే, పరీక్షలో పడిన ప్రతి ఆగిన వరుసకూ శిక్షణలో ఇరవైకి పైగా కవలలు ఉంటాయి. మోడల్ నేర్చుకోనక్కర్లేదు, గుర్తుపెట్టుకుంటే చాలు. నకళ్లకు బదులు రెండు ఆగిన వరుసల మధ్య కొత్త వరుసను కల్పించే పద్ధతి వాడినా ఇదే గతి. దీన్ని గుర్తుపట్టే దారి ఒకటుంది: పరీక్ష ఫైలులో ఆగినవి ఎన్ని శాతమో లెక్కపెట్టండి. మూడున్నర శాతం దగ్గర కాకుండా యాభై శాతం దగ్గర ఉంటే నకళ్లు ముందే తీశారన్నమాట. సరైన క్రమం ఒక్కటే. ముందు పంచి, పరీక్ష ముక్కకు తాళం వేసి, ఆ తర్వాత శిక్షణ ముక్కలోనే నకళ్లు తీసుకోవాలి. సగటులు, ఫీచర్ల ఎంపిక కూడా అంతే, శిక్షణ ముక్కలోనే.

మరి ఎలా పంచాలి? వరుసలు ఒకదాని తర్వాత ఒకటి జరిగినవని మొదట్లోనే చూశాం. 4,000వ వరుస ఉష్ణోగ్రత 4,001వ వరుస ఉష్ణోగ్రతకు దాదాపు సమానం. గుడ్డిగా పంచితే పరీక్షలోని ప్రతి వరుసకూ అటు ఇటు పొరుగువారు శిక్షణలో ఉంటారు. గాలి ఉష్ణోగ్రతను ఉన్నదున్నట్టు ఇస్తే, అది వరుస సంఖ్యకు మారుపేరులా పనిచేసి, ఆ కాలాన్ని గుర్తుపట్టిస్తుంది. అందుకే నేను రెండు ఉష్ణోగ్రతలనూ తీసేసి తేడాను మాత్రమే ఉంచుతాను. పంచేటప్పుడు ఒక టూల్ జీవితాన్ని చీల్చను. కొత్త టూల్ ఎక్కించినప్పటి నుంచి తీసేసేవరకు ఉన్న వరుసలన్నీ ఒకే వైపు ఉండాలి. అరుగుదల కిందికి పడిన ప్రతిచోటా కొత్త టూల్ మొదలైనట్టు లెక్క.

```python
d["tool"] = (d["Tool wear [min]"].diff() < 0).cumsum()
```

ఈ `tool` నంబరు మోడల్‌కు ఇవ్వడానికి కాదు, పంచడానికే. `GroupKFold` అనే సాధనానికి దీన్నిస్తే, టూళ్లను అయిదు గుంపులుగా చేసి, ఒక్కోసారి ఒక గుంపును పరీక్షకు ఉంచి, మిగతా నాలుగింటితో నేర్పిస్తుంది. అయిదుసార్లూ చూడటం ఎందుకంటే, ఒక్క గుంపులో సుమారు 68 ఆగిన వరుసలే పడతాయి. ఒక్కటి అటూ ఇటూ అయితేనే రికాల్ ఒకటిన్నర శాతం మారుతుంది. ఒకే ఒక పంపకం మీద వచ్చిన అంకెను పట్టుకుని రెండు మోడళ్లలో ఇది మేలు, అది కాదు అనడం తొందరపాటు.

కాలక్రమంలో మొదటి ఏడు వేలు శిక్షణకు, చివరి మూడు వేలు పరీక్షకు పెట్టవచ్చు కదా అంటే, సాధారణంగా అదే సరైన పద్ధతి. కానీ ఈ ఫైలులో వేడివల్ల ఆగినవన్నీ మధ్యలోనే ఉన్నాయి కాబట్టి, చివరి మూడు వేలలో అలాంటిది ఒక్కటీ ఉండదు, ఆ కారణాన్ని మోడల్ నేర్చిందో లేదో తెలియదు. మొదటి మూడు వేలతోనే నేర్పితే అసలు అలాంటి ముప్పు ఉందనే దానికి తెలియదు. నిజమైన కార్ఖానాలో కూడా ఒక ఎండాకాలమైనా చూడని మోడల్‌ది ఇదే పరిస్థితి.

ఇప్పుడు ముందే చెప్పిన ఆ పరిమితిని లెక్కగడదాం. 339లో 9 వరుసలకు ఫైలులో ఏ కారణమూ రాసి లేదు. మెషిన్ ఆగిందని మాత్రమే ఉంది. వాటిని పట్టుకోవడానికి సెన్సర్లలో జాడ ఉంటుందనుకోవడానికి ఆధారం లేదు. `RNF` 1గా ఉన్న వరుసలు 19. వాటిలో 18 చోట్ల `Machine failure` సున్నాగానే ఉంది కాబట్టి అవి మన లెక్కలోకి రావు. ఇక టూల్ అరిగి ఆగినవి 46. 78వ వరుస వాటిలో మొదటిది. అరుగుదల 208, మిగతా అన్నీ మామూలే. టూల్ 200 నుంచి 240 నిమిషాల మధ్య ఎక్కడో ఒకచోట పోతుంది, ఎక్కడన్నది పాచిక వేసినట్టు నిర్ణయమైంది. 200 దాటిన వరుసలు వందల్లో ఉన్నాయి, ఆగినవి వాటిలో కొన్నే. 200 దాటిన ప్రతిచోటా హెచ్చరిక ఇస్తే ఈ 46లో దాదాపు అన్నీ దొరుకుతాయి కానీ వందల తప్పుడు హెచ్చరికలు కూడా వస్తాయి. ఇవ్వకపోతే దాదాపు అన్నీ జారిపోతాయి.

ఈ 46, ఆ 9 తీసేస్తే మిగిలేవి 284. వీటిలో ప్రతిదానికీ వేడో పవరో భారమో ఏదో ఒకటి స్పష్టంగా హద్దు దాటింది. కాబట్టి మంచి ఫీచర్లున్న చిన్న చెట్టు నిజాయితీగా, తప్పుడు హెచ్చరికలు పెద్దగా లేకుండా అందుకోగలిగిన రికాల్ 84, 85 శాతం ప్రాంతంలో ఆగుతుంది. అరిగిన టూళ్లలో కొన్నింటికి రెండో కారణం కూడా ఉంది కాబట్టి ఒక పిసరు ఎక్కువ కావచ్చు. ఎవరైనా ఈ డేటా మీద రికాల్ 98, ప్రెసిషన్ 99 అని చూపిస్తే, వారి మోడల్ ఎంత పెద్దదన్నది నేను అడగను. ఏ కాలమ్‌లు ఇచ్చారో, నకళ్లు ఎప్పుడు తీశారో అడుగుతాను. యాదృచ్ఛికంగా పుట్టించినదాన్ని ఏ మోడలూ కనిపెట్టలేదు. జవాబు పక్కన పెట్టుకుంటే తప్ప.

అయితే ఈ 84 శాతాన్ని కూడా ‘ముందే చెప్పడం’ అనవచ్చా? ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. 51వ వరుసలో మెషిన్ ఆగిందని మనం చెప్పగలిగింది అదే వరుస టార్క్, అదే వరుస వేగం చూసి. అది గుర్తించడం, జోస్యం కాదు. 50వ వరుస చూసి 51లో ఆగుతుందని చెప్పగలమా? ఈ డేటాలో చెప్పలేం. ఒక్కో పీసుకూ టార్క్‌ను 40 న్యూటన్ మీటర్ల చుట్టూ విడిగా, యాదృచ్ఛికంగా పుట్టించారు. ఈ పీసు టార్క్ వచ్చే పీసు టార్క్ గురించి ఏమీ చెప్పదు. కొందరు ముందు అయిదు, వెనక అయిదు వరుసల సగటు తీసి ఫీచరుగా పెడతారు. ముందు వరుసలు గతం, వెనకవి భవిష్యత్తు. తర్వాతి వరుసల్లో అరుగుదల సున్నాకు పడిపోయిందంటే టూల్ మార్చారనే కదా అర్థం. ఆ సగటులో ఈ సంగతి కూడా కలిసిపోయి వస్తుంది. ఎప్పుడు సగటు తీసినా ఆ క్షణానికి ముందున్నవాటితోనే తీయాలి.

నిజంగా ముందుకు చూపు ఉన్నవి నెమ్మదిగా మారేవి రెండే. టూల్ అరుగుదల, ఉష్ణోగ్రత తేడా. కోత మొదలుకాకముందే తెలిసేవీ అవే. వాటితో ‘ఆగుతుందా’ అని అడగడంకంటే ‘ఎంతవరకు నడపవచ్చు’ అని అడగడం మేలని నా అభిప్రాయం. 70వ పీసును మెషిన్ మీద బిగించే వేళకే టూల్ 191 నిమిషాలు అరిగి ఉందనీ, వచ్చింది తక్కువరకం పీసనీ తెలుసు. 11,000ను 191తో భాగిస్తే 57.6. ఈ టూల్‌తో ఈ పీసు కోసేటప్పుడు టార్క్ 57 న్యూటన్ మీటర్లు దాటనివ్వకూడదు. అదే మధ్యరకమైతే 62 దాకా, మేలురకమైతే 68 దాకా పోవచ్చు. ఉష్ణోగ్రత తేడా 8.6కు దిగిన రోజున వేగాన్ని 1,380 కంటే తగ్గించకూడదు. అరుగుదల 200 దగ్గర పడుతుంటే వచ్చే పీసు బిగించేముందే టూల్ మార్చాలి. హద్దులు కోత మొదలయ్యేలోపే ఆపరేటర్ ముందు తెర మీద కనిపిస్తే, 65.7 దాకా పోకుండా ఫీడ్ తగ్గించుకునే వ్యవధి అతనికి ఉంటుంది.